ముఖం చెరిపినా ఊరు గుర్తుపడుతుంది: వీధి ఫొటోలో మిమ్మల్ని పూర్తిగా చెరిపించుకోవడం ఎలా

మ్యాప్‌లో మీ వీధి ఫొటో తెరిస్తే గుమ్మం ముందు మీరే కనిపించారు. ముఖం మీద మసక ఉంది. "ముఖం కనబడట్లేదు కదా, ఇంకేం ఇబ్బంది" అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. హైదరాబాదులో మెట్రో స్టేషన్ ముందు నిలబడ్డ మనిషికైతే ఆ మాట చాలావరకు సరిపోతుంది. అంబాజీపేట దగ్గరో ఆచంట దగ్గరో కాలువ గట్టు మీద ఇల్లున్న మనిషికి సరిపోదు. ఆ ఇల్లు ఎవరిదో, ఆ అరుగు మీద రోజూ ఎవరు కూర్చుంటారో ఊరందరికీ తెలుసు. ముఖం చూసి గుర్తుపట్టాల్సిన అవసరమే అక్కడ ఎవరికీ రాదు.

గూగుల్ మ్యాప్స్‌లోని స్ట్రీట్ వ్యూలో ముఖం మాత్రమే కాదు, కోరితే మనిషి మొత్తాన్ని చెరుపుతారు. ఇల్లు, బండి కూడా చెరుపుతారు. కాకపోతే ఏది చెరపమని అడగాలో, ఎన్ని ఫొటోల్లో అడగాలో ముందే తేల్చుకోకపోతే పని సగంలో ఆగిపోతుంది.

యంత్రం ఏం చూస్తుంది, ఊరు ఏం చూస్తుంది

మన దేశంలో స్ట్రీట్ వ్యూ 2022 జూలైలో పది నగరాలతో మొదలైంది. హైదరాబాద్ అందులో ఒకటి. 2021లో వచ్చిన మ్యాపింగ్ నిబంధనల ప్రకారం రోడ్ల మీద ఇలాంటి సర్వే భారతీయ సంస్థలే చేయాలి. అందుకే గూగుల్ సంస్థ జెనెసిస్, టెక్ మహీంద్రాలతో కలిసి ఈ పని మొదలుపెట్టింది. కారు మీద కెమెరా వెళ్తూ కొన్ని మీటర్లకొకసారి చుట్టూ ఫొటో తీస్తుంది. తర్వాత కంప్యూటర్ ఆ ఫొటోల్లో ముఖంలా ఉన్నవాటినీ బండి నంబరు పలకలనూ వెతికి మసక చేస్తుంది.

గూగుల్ ఇంజనీర్లు 2009లో రాసిన పరిశోధన పత్రం ప్రకారం అప్పటి పద్ధతి 89 శాతానికి పైగా ముఖాలనూ 94 నుంచి 96 శాతం నంబరు పలకలనూ చెరిపింది. ఆ లెక్కలో ఉన్నవి ముఖాలూ నంబర్లూ మాత్రమే. చీర రంగు, చేతిలో సంచి, నడుం ఒంపు, పక్కన ఆపిన ఎక్సెల్ బండి, వెనక గేటు, ఇవేవీ ఆ యంత్రం పనిలోకి రావు. మరీ చిత్రమేమిటంటే అది బొమ్మల ముఖాలను కూడా చెరిపేస్తుంటుంది. సెంటర్లో ఫ్లెక్సీ మీద నాయకుల ముఖాలు మసకబారి ఉంటాయి, కింద పేర్లు మాత్రం చక్కగా చదువుకోవచ్చు.

జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2016లో ముఖాలు చెరిపిన ఫొటోలను కంప్యూటర్‌కి ఇచ్చి చూశారు. అదే మనిషివి పేరు తెలిసిన ఫొటోలు కొన్ని చేతిలో ఉంటే, ముఖం లేకపోయినా ఒంటి తీరూ బట్టలూ పరిసరాలూ చూసి మనిషిని పట్టుకోవచ్చని తేలింది. మన ఊళ్ళో ఆ పనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

కెనడాలోని మాంట్రియల్‌లో ఈ విషయం కోర్టుకే వెళ్ళింది. ఒకావిడ తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఉండగా కెమెరా కారు వెళ్ళింది. ముఖం చెరిపారు. ఇంటి నంబరు, ఆమె కారు నంబరు మాత్రం అలాగే ఉండిపోయాయి. బట్టలు కాస్త పక్కకు తొలగి ఉన్నాయి. తోటి ఉద్యోగులు గుర్తుపట్టి ఎగతాళి చేశారు. 2014లో క్యూబెక్ కోర్టు ఆమెకు 2,250 డాలర్లు ఇప్పించింది. వీధిలోంచి కనబడేచోట కూర్చున్నంత మాత్రాన మనిషి తన గోప్యతను వదులుకున్నట్టు కాదు అన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన మాట. మెట్లు అన్నచోట అరుగు అని పెట్టుకుంటే ఇది మన కథే.

మీ రోడ్డు అందులో ఉందో లేదో చూడడం

కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి కింద మూలన ఉన్న పసుపుపచ్చ మనిషి బొమ్మను పట్టుకోండి. వెంటనే మ్యాప్ మీద నీలం గీతలు, అక్కడక్కడా నీలం చుక్కలు వస్తాయి. ఫోన్లో అయితే పొరల గుర్తు నొక్కి `Street View` ఎంచుకోండి. ఈ పనికి ఫోన్ కన్నా కంప్యూటర్ నయం. ఊళ్ళో మీసేవ పక్కన నెట్ సెంటర్లో చేయిస్తే మాత్రం పక్కన ఎవరున్నారో చూసుకోండి, ఎందుకంటే మీరు చూపించేది సరిగ్గా మీరు దాచాలనుకున్నదే.

గీతకూ చుక్కకూ తేడా ముందే తెలుసుకోవాలి. గీత ఉంటే ఆ రోడ్డు వెంట వరుసగా తీసిన ఫొటోలు ఉన్నట్టు. చుక్క ఉంటే ఎవరో ఒకచోట నిలబడి తీసి పెట్టిన చుట్టుచూపు ఫొటో. అంతర్వేది తీర్థంలోనో పాపికొండల పడవ మీదో సరదాకు తీసినవి చాలావరకు ఈ చుక్కలే. అలాంటి ఫొటో తెరిస్తే పెట్టినవాళ్ళ పేరు కనబడుతుంది. ముందు వాళ్ళనే అడగడం తేలిక.

మీ ఇల్లున్న రోడ్డు మీద గీత లేదంటే మీ పని అయిపోయిందనుకోకండి. డెల్టాలో చాలా కాలువలకు రెండు గట్లూ రోడ్లే. కారు అవతలి గట్టు మీద వెళ్ళినా నీళ్ళ మీదుగా మీ రేవు, మీ పెరటి తడిక, రేవులో బట్టలుతికేవాళ్ళు కనబడతారు. మధ్యలో చెట్లు లేని సన్నకాలువైతే మరీ దగ్గరగా కనబడతారు. ఆ గట్టునుంచి కూడా ఇటు తిప్పి చూడండి. వంతెన మీద నుంచీ, లాకుల దగ్గర నుంచీ కూడా చూడాలి. అక్కడ రోడ్డు ఎత్తు ఉంటుంది కాబట్టి గోడ అవతల పెరడు కూడా కనబడవచ్చు.

దేన్నిబట్టి దొరికిపోతున్నారో తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడకండి. ఒక ఉదాహరణ కల్పించుకుని పూర్తిగా చూద్దాం.

కోనసీమలో కాలువ గట్టు మీద ఒక పెంకుటిల్లు అనుకుందాం. అరుగు మీద నలభై ఏళ్ళావిడ నైటీలో, భుజం మీద తువ్వాలుతో, జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది. ముఖం మీద మసక ఉంది. పక్కన ఆకుపచ్చ గేటు, తులసికోట. ముందు ఎక్సెల్ బండి ఉంది, దాని నంబరు చెరిపి ఉంది కానీ ముందు రేకు మీద ఏదో కొట్టు పేరు రాయించి ఉంది. మస్కట్‌లో ఉన్న ఆమె మరిది ఇంటి మీద బెంగతో మ్యాప్‌లో వీధి చూస్తూ ఇది కనిపెట్టి, "వదినా, మ్యాప్‌లో పడ్డావ్" అని కుటుంబం గ్రూపులో పెట్టాడు. అతను సరదాకే పెట్టాడు. గ్రూపులో వియ్యాలవారు కూడా ఉన్నారు.

ఆ ఫొటోను తెర మీద పెట్టుకుని రెండు పనులు చేయాలి. ముందు బొటనవేలితో మనిషిని మూసేయండి. మిగిలిన ఫొటో చూసి ఇల్లు ఎవరిదో చెప్పగలమా? చెప్పగలం, గేటూ బండీ చాలు. ఇప్పుడు రెండు చేతులతో చుట్టూ ఉన్నదంతా మూసి మనిషిని మాత్రం వదలండి. ఎవరో చెప్పగలమా? నైటీలో ఉన్న ఒక ఆడమనిషి అని తప్ప ఏమీ చెప్పలేం. అంటే ఈమెను పట్టించింది బట్టలు కాదు, చోటు.

అలాంటప్పుడు ఇల్లు చెరిపిస్తే సరి అనిపిస్తుంది. కానీ అక్కర్లేదు. ఇల్లు ఎవరిదో ఊరికి ఎలాగూ తెలుసు, అందులో దాచాల్సింది లేదు. ఆమెకు ఇబ్బంది ఆ ఇంటి ముందు ఆ వేషంలో కనబడడం. కాబట్టి మనిషిని తల నుంచి కాళ్ళ దాకా చెరిపిస్తే, మిగిలేది ఎవరూ గుర్తుపట్టాల్సిన పనిలేని ఒక ఇల్లు.

పరీక్ష ఫలితం తిరగబడితే? పాలక్యాన్లు కట్టిన సైకిలు, ఎప్పుడూ వేసుకునే ఎర్ర తలపాగా, ఒకపక్క ఒరిగిన నడక ఉన్న పెద్దాయన రావులపాలెం సెంటర్లో కనిపించాడనుకోండి. చుట్టూ మూసినా మనిషి తెలిసిపోతాడు. అక్కడ మనిషితోపాటు సైకిలూ క్యాన్లూ కలిపి చెరపమని అడగాలి. ఒంటిని చెరిపి సైకిలు వదిలేస్తే సగం చెరిపినట్టే.

మీ కళ్ళను మీరే నమ్మకండి, మనల్ని మనం ఎప్పుడూ గుర్తుపడతాం. మీ ఇంట్లో ఉండని ఊరివాళ్ళలో నమ్మకమైన ఒక్కరికి మీ తెర మీదే చూపించండి. లింకు మాత్రం పంపకండి. "ఇందులో ఎవరున్నారో తెలుస్తోందాండీ?" అని అడిగి ఊరుకోండి. "మెరక వీధి మాస్టారి గారి కోడలు కదండీ" అని జవాబొస్తే, దేన్నిబట్టి చెప్పారో అడగండి. వాళ్ళు చెప్పే మొదటి గుర్తే మీరు చెరిపించాల్సినవాటిలో మొదటిది.

తేదీ సంగతి

ఫొటో మూలన `Image capture` అని నెలా సంవత్సరం మాత్రమే ఉంటాయి. రోజు ఉండదు కాబట్టి పెద్దగా నష్టం లేదనిపిస్తుంది. కానీ డెల్టాలో ఫొటోయే రోజు చెప్పేస్తుంది. పై ఉదాహరణలో జనవరి అని ఉందనుకుందాం. వాకిట్లో ముగ్గు మధ్య గొబ్బెమ్మలు, వీధి మలుపులో ఇంకా బూడిదగా ఉన్న భోగిమంట చోటు కనబడితే అది ఏ రెండు మూడు రోజుల్లో తీసిందో చెప్పడానికి కష్టపడక్కర్లేదు. నీడలు పడమటికి సాగి ఉంటే పొద్దుటి పూట. పండక్కి ఆ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు రాలేదని చెప్పారో ఇక బంధువులే లెక్కగట్టుకుంటారు.

పండగ లేకపోయినా గుర్తులుంటాయి. కాలువ ఎండి ఉంటే దాళ్వా కోతలైపోయి నీళ్ళు కట్టేసిన వేసవి రోజులు. చేలో ఊడ్పులు నడుస్తున్నాయంటే సార్వాకైతే వానాకాలం, దాళ్వాకైతే చలికాలం. వీటన్నిటికన్నా ఘోరం పెద్దకర్మ ఫ్లెక్సీ, దాని మీద తేదీతో సహా రాసి ఉంటుంది. మీరు ఆ రోజు అక్కడ ఉండడమే ఇబ్బంది అయితే, ఎవరో ఫ్లెక్సీ చెరపమని అడగడం కన్నా మిమ్మల్ని పూర్తిగా చెరపమని అడగడమే మేలు.

అన్ని ఫొటోలూ పోగుచేయడం

చాలామంది పని చెడేది ఇక్కడే. మీరు కనబడే ఫొటో ఒక్కటే ఉండదు. కారు వస్తున్నప్పుడు దూరం నుంచి, ఎదురుగా వచ్చినప్పుడు, దాటిపోయాక వెనకనుంచి, వరుసగా కొన్నింట్లో మీరుంటారు. తిన్నగా ఉండే గట్టు రోడ్డు మీద ఇంకా ఎక్కువ. ఒకదానిలో చెరిపించి ఊరుకుంటే ఒక్క అడుగు వెనక్కి నొక్కినవాళ్ళకు మీరు నిక్షేపంలా కనబడతారు.

కాబట్టి మీరు మొదట కనబడిన ఫొటో నుంచి వెనక్కి వెళ్తూ, దగ్గరికి లాగి చూసినా మనిషి ఆకారం తెలియనంత దూరం వరకూ పొండి. అటువైపూ అంతే. కారు తిరుగు ప్రయాణంలో తీసిన వరుస ఉందేమో, అవతలి గట్టున ఉందేమో చూడండి. `See more dates` అని ఉంటే పాత ఫొటోలు కూడా ఉన్నట్టు, అవీ తెరవండి. మీరున్న ప్రతి ఫొటోకూ పైన అడ్రసు పట్టీలో ఉన్న లింకును కాపీ చేసి ఒకచోట పెట్టుకోండి. అమలాపురం దగ్గరైతే ఇలా ఉంటుంది:

```
https://www.google.com/maps/@16.5787,82.0061,3a,75y,210h,85t/data=...
```

మొదటి రెండు అంకెలు చోటు. `210h` అంటే ఉత్తరం నుంచి కుడివైపుగా 210 డిగ్రీలు తిరిగి చూస్తున్నారని, అంటే దాదాపు నైరుతి వైపు. లింకును తెరిస్తే సరిగ్గా అదే చూపు వస్తుంది కాబట్టి తర్వాత సరిచూసుకోవడానికి ఇదే ఆధారం. `data=` తర్వాత ఉండే తోకను కత్తిరించకండి, ఏ ఫొటో అన్నది అందులోనే ఉంటుంది.

ఫారం నింపడం

ఫొటో కింద మూలన `Report a problem` అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫోన్లో అయితే మూడు చుక్కల వెనక ఉంటుంది. నొక్కితే అదే ఫొటో మీద ఎర్ర గడితో ఒక పేజీ వస్తుంది. ఫొటోను జరిపి, దగ్గరికి లాగి, చెరపాల్సినది మొత్తం ఆ గడిలో ఉండేలా పెట్టండి. మనిషి మొత్తం కావాలంటే కాళ్ళ దాకా రావాలి. ముఖం మీద గడి పెడితే ముఖమే చూస్తారు, అది ఇప్పటికే చెరిపి ఉందని మీ అర్జీ పక్కన పడేయవచ్చు.

ఏం చెరపాలన్నచోట `A face`, `My home`, బండి లేదా నంబరు పలక, `A different object` అని ఉంటాయి. మాటలు అప్పుడప్పుడూ కాస్త మారుతుంటాయి. మనిషి మొత్తానికి `A different object` ఎంచుకుని, కింద గడిలో చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో మూడే సంగతులు రాయండి. ఈ ఫొటోలో ఉన్నది నేను. ముఖం చెరిపినా ఇల్లు, బట్టలనుబట్టి గుర్తుపడుతున్నారు. ఎడమవైపు అరుగు మీద నైటీలో కూర్చున్న మనిషిని పూర్తిగా చెరపండి. ఇద్దరు ముగ్గురు ఉన్న ఫొటో అయితే ఎవరో తెలిసేలా రంగు, చోటు చెప్పండి. పేరు, ఇంటి నంబరు, ఆధార్ రాయనక్కర్లేదు. ఈమెయిల్ మాత్రం మీరు రోజూ చూసేదే ఇవ్వండి. పోగుచేసిన ప్రతి లింకుకూ ఇదే పని మళ్ళీ చేయాలి. విసుగొస్తుంది, కానీ అడ్డదారి లేదు.

`My home` నొక్కే ముందు మాత్రం ఆగండి. ఒకసారి చెరిపితే అది శాశ్వతం, మళ్ళీ తెరవమంటే తెరవరు. ఇంట్లోనే పూతరేకుల వ్యాపారమో జాకెట్ల కుట్టుపనో నడుస్తుంటే రేపు కొనేవాళ్ళకు మీ గుమ్మం ఒక బూడిద మరకలా కనబడుతుంది. పైగా వీధంతా కనబడి మీ ఒక్క ఇల్లే మసగ్గా ఉంటే అదే కొత్త గుర్తు. జర్మనీలో 2010లో దాదాపు 2,44,000 కుటుంబాలు ఇళ్ళు చెరిపించుకుంటే, ఎస్సెన్ పట్టణంలో కొందరు ఆకతాయిలు అలా మసకేసిన ఇళ్ళ మీద కోడిగుడ్లు విసిరారు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు, వెంటపడే మనిషి నుంచి తప్పుకుని వచ్చినవాళ్ళు అయితే ఇల్లు చెరిపించుకోవడమే మంచిది. తక్కినవాళ్ళకు మనిషిని చెరిపిస్తే సరిపోతుందని నా అభిప్రాయం.

బడి ముందు, ఆసుపత్రి ముందు, కోర్టు మెట్ల మీద కనబడితే ఆ సంగతి అర్జీలో తప్పకుండా రాయండి. స్విట్జర్లాండ్ సుప్రీంకోర్టు 2012లో ఇలాంటి చోట్లకు వేరే లెక్క పెట్టింది. బళ్ళు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, కోర్టులు, జైళ్ళ దగ్గర ముఖం ఒక్కటే కాదు, బట్టలూ ఒంటిరంగూ కూడా తెలియకుండా చేయాలంది. ఆ తీర్పు మనకు వర్తించదు. కానీ ఆ చోటే మనిషి గురించి చెప్పకూడనిది చెప్పేస్తుందన్న వాదన మాత్రం ఎక్కడైనా వాదనే.

తర్వాత చూసుకోవాల్సినవి

అర్జీ అందిందని మెయిల్ వస్తుంది. చెరిపారో లేదో మాత్రం దాచుకున్న లింకులు ఒక్కొక్కటీ తెరిచి మీరే చూసుకోవాలి. ఒకసారి గూగుల్ ఖాతాలోంచి బయటికొచ్చి వేరే ఫోన్లో చూడండి, పాత బొమ్మ మీ బ్రౌజర్లో మిగిలి ఉండవచ్చు. వరుసలో ఒకటి రెండు మిగిలిపోతే వాటికే మళ్ళీ అర్జీ పెట్టండి. ఒకదానిలో చెరిపినట్టు, మరొకదానిలో వదిలేసినట్టు కనబడితే ఆ మాటే రాయండి.

రెండేళ్ళకో మూడేళ్ళకో కారు మళ్ళీ వస్తే అది కొత్త ఫొటో. అందులో మీరుంటే మళ్ళీ మొదటినుంచే. నీలం చుక్కల ఫొటోలకు పెట్టినవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ ఫొటో మీదే ఫిర్యాదు చేయాలి. మ్యాప్‌మైఇండియా వాళ్ళ మాపుల్స్‌లో కూడా ఇలాంటి వీధి ఫొటోలు ఉంటాయి. గూగుల్‌లో చెరిపినది అక్కడ చెరగదు కాబట్టి అక్కడా చూసుకుని వేరేగా అడగాలి.

ఇక మరిది పెట్టిన స్క్రీన్‌షాట్. మ్యాప్‌లో ఎంత చెరిపించినా వాట్సాప్‌లో ఉన్నది అలాగే ఉంటుంది. పెట్టినవాళ్ళు అందరికీ కనబడకుండా తీసేయాలంటే రెండున్నర రోజుల్లోపే చేయాలి. అది దాటిపోతే గ్రూపు అడ్మిన్‌ని పట్టుకోండి, ఎవరు పెట్టిన మెసేజ్ అయినా అడ్మిన్ తీసేయగలరు. అందుకే ఫారం కన్నా ముందు ఈ ఫోను చేయండి. గ్రూపులోనే "అది తీసెయ్" అని రాయకండి, అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా పైకి జరిపి చూస్తారు. మరిదికి విడిగా ఫోన్ చేసి, ఆ ఫొటో తీసేయమనండి, దాని కింద మ్యాప్ లింకు కూడా పెట్టి ఉంటే అదీ తీసేయమనండి.